కాపీరైట్ గడువు తీరింది, పేరు చెప్పే బాధ్యత తీరలేదు

ఏప్రిల్ వచ్చిందంటే మన సంఘాలకు అచ్చు పనులు మొదలవుతాయి. జయంతి సంచికలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు, వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు, సభల్లో చదివే పత్రాలు. అలాంటి ఒక సంచికలో ఈ మధ్య ఒక వ్యాసం చదివాం. కులానికీ పెళ్లికీ ఉన్న సంబంధం మీద రాసింది. చక్కగా సాగింది. మూడో పేజీకి వచ్చేసరికి మాకు అనుమానం మొదలైంది. వరసగా నాలుగు పేరాలు బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లో చదివిన ‘భారతదేశంలో కులాలు’ పత్రానికి తెలుగు సేత. అదే వాదన, అదే వరస, అవే ఉదాహరణలు. ఆ పేరాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు. వ్యాసం కింద రాసినవారి పేరు మాత్రం ఉంది.

రాసిన అన్న మాకు తెలిసినవారే. ఉద్యమంలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి. ఫోన్ చేసి అడిగాం. ఆయన దాచలేదు, తడబడలేదు. “బాబాసాహెబ్ రచనలకు కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కదా తమ్ముడూ. ఇప్పుడు అవి అందరివీ. ఎవరి పర్మిషన్ తీసుకోవాలి?” అన్నారు.

ఆయన చెప్పింది చట్టపరంగా నిజం. కానీ మేం అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. మేం అడిగింది ‘ఈ మాట ఎవరిది’ అని. ఆయన చెప్పింది ‘ఈ మాట వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు’ అని. ఈ రెండూ ఒకటే అనుకోవడం మన చిన్న పత్రికల్లోనే కాదు, మేం చదువుకునే విశ్వవిద్యాలయాల్లోనూ మామూలే. ఆ తేడా స్పష్టం కావాలంటే అన్న జవాబు దగ్గరే మొదలుపెట్టాలి.

గడువు లెక్క

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ 60 ఏళ్లను చనిపోయిన రోజు నుంచి కాదు, చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి లెక్కపెడతారు. బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. లెక్క 1957 జనవరి 1న మొదలై 2016 డిసెంబర్ 31తో ముగిసింది. అంటే ఆయన బతికుండగా అచ్చయిన రచనలన్నీ 2017 జనవరి 1 నుంచి అందరి సొత్తు. ‘భారతదేశంలో కులాలు’ 1917లోనే ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చయింది కాబట్టి అదీ ఇందులోకే వస్తుంది. ఇంతవరకు అన్న చెప్పింది సరైనదే.

అయితే ‘బాబాసాహెబ్ రచనలన్నీ’ అన్నప్పుడు కొంచెం ఆగాలి. రచయిత చనిపోయాక తొలిసారి అచ్చయిన రచనలకు లెక్క వేరు. చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం అచ్చయిన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్లు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ ఆయన పోయాక 1957లో వచ్చింది. దాని గడువు 2017 చివరికి తీరింది. ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’ను మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో సంపుటంగా తెచ్చింది. ఈ సెక్షన్ లెక్కన దాని గడువు 2047 చివరి దాకా నడుస్తుంది.

అనువాదానికి మళ్లీ వేరే లెక్క. మూలం ఇంగ్లీషులో అందరిదీ అయినా, దాన్ని తెలుగు చేసినవారి తెలుగు వాక్యాలు వారివే. వాటి మీద వారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి ఇంగ్లీషు మూలం ముందు పెట్టుకుని మీరే తెలుగులోకి తెచ్చుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఇంకొకరి తెలుగు పుస్తకంలోంచి పేజీలకు పేజీలు ఎత్తి వేసుకుంటే మాత్రం అడగాలి.

ఇది కాపీరైట్ కథ. ఇందులో ఉన్నదంతా అనుమతి ఎవరిని అడగాలి, ఎప్పటిదాకా అడగాలి అన్నదే.

ఎవరికి జరిగే అన్యాయం

కాపీరైట్ ఉల్లంఘన అంటే హక్కుదారుడిని అడగకుండా ఆయన రచనను అచ్చువేయడం, అనువదించడం, పంచడం. నష్టపోయేది హక్కుదారుడు. ఆ హక్కుదారుడు రచయితే కానక్కర్లేదు. కొనుక్కున్న ప్రచురణకర్త కావచ్చు, వారసులు కావచ్చు, సినిమా కంపెనీ కావచ్చు. తెలిసి చేస్తే ఇది నేరం కూడా. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

ప్లేజియరిజం, అంటే రచనాచౌర్యం, వేరు. ఇంకొకరి మాటనో, ఆలోచననో, పనినో తనదిగా చూపించుకోవడం. ఇక్కడ అనుమతితో పనిలేదు. నష్టం ఇద్దరికి. ఒకరు అసలు పని చేసిన మనిషి. రెండోవారు పాఠకుడు. ‘ఇది ఈయన ఆలోచన’ అని నమ్మి చదివిన పాఠకుడు మోసపోతాడు. హక్కుదారుడు దీన్ని మాఫీ చేయలేడు. ఎందుకంటే మోసపోయింది ఆయన ఒక్కడే కాదు. పాఠకుడికి జరిగిన మోసానికి ప్రచురణకర్త ఇచ్చే అనుమతి పత్రం ఎలా సరిపోతుంది?

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. కాపీరైట్ కాపాడేది మాటల కూర్పును. ఆలోచనను కాదు. కథాంశం మీద, భావం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక నాటకంలోని భావాన్ని సినిమాగా తీశారన్న వివాదం అది. రచనాచౌర్యం పరిధి దానికంటే పెద్దది. ఒక్క వాక్యం కూడా ఎత్తకుండా మొత్తం వాదనను ఎత్తేయవచ్చు. అప్పుడు కోర్టు ఏమీ చేయలేదు. తప్పు మాత్రం తప్పే.

ఈ రెండూ ఒకదాంతో ఒకటి ముడిపడవని తెలియాలంటే అన్న వ్యాసాన్నే నాలుగు రకాలుగా ఊహించుకోవచ్చు. బాబాసాహెబ్ పత్రాన్ని తానే తెలుగు చేసి, ఆయన పేరు చెప్పి వేస్తే ఏ తప్పూ లేదు. అదే పని పేరు చెప్పకుండా చేస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదు, కానీ రచనాచౌర్యం. అన్న చేసింది ఇదే. ఇప్పుడు బతికున్న ఒక అనువాదకుడి పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి, అట్ట మీద ఆయన పేరు అలాగే ఉంచి, గ్రూపుల్లో పంచితే రచనాచౌర్యం కాదు, కాపీరైట్ ఉల్లంఘన. ఆ అనువాదకుడి పేజీలను అడగకుండా తన పేరు మీద వేసుకుంటే రెండూ.

మూడో రకం గురించి ఒక మాట. ‘సౌజన్యం’ అని కింద ఒక ముక్క రాస్తే అనుమతి తీసుకున్నట్టే అని మన పత్రికల్లో ఒక నమ్మకం ఉంది. కాదు. అనుమతి పేరుకు బదులు కాదు, పేరు అనుమతికి బదులు కాదు. విమర్శ కోసమో సమీక్ష కోసమో న్యాయంగా ఉండేంత మేరకు, నాలుగు వాక్యాలు ఉటంకించుకోవడానికి 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. పుస్తకం మొత్తం వేరు.

పేరు చెప్పి ఆయన ఏం చేశారు

పేరు చెప్పడం అంటే మర్యాద కోసం చేసే నమస్కారం లాంటిదని చాలామంది అనుకుంటారు. అది చేసే అసలు పనేమిటో చూడాలంటే, అన్న ఎత్తి రాసిన ఆ పత్రమే మంచి ఉదాహరణ.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, ప్రొఫెసర్ గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో బాబాసాహెబ్ ఆ పత్రం చదివారు. అప్పటికి ఆయన వయసు 25. కులం అంటే ఏమిటో అంతకుముందు నిర్వచించిన నలుగురిని ముందుగా పేర్లతో సహా పిలిచి నిలబెడతారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్. ఒక్కొక్కరూ ఏమన్నారో వరసగా పెడతారు. తర్వాత ఎవరి నిర్వచనంలో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అని విడదీస్తారు. నలుగురిలోనూ కేత్కర్‌కు ఎక్కువ విలువ ఇస్తారు. కేత్కర్ కులానికి రెండు లక్షణాలు చెప్పాడు. బయటివారితో పెళ్లి నిషేధం ఒకటి, పుట్టుకతోనే సభ్యత్వం రావడం రెండోది. ఇవి రెండు కావు, ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ అంటారు బాబాసాహెబ్. బయటి పెళ్లిని ఆపేస్తే, బయటివారు లోపలికి రావడం దానంతటదే ఆగిపోతుంది కదా. అలా కులానికి ప్రాణం ఎక్కడుందో తేల్చి, లోపలి పెళ్లి ఒక్కటే దాని సారం అంటారు.

అక్కడి నుంచి ఆయన సొంత వాదన మొదలవుతుంది. లోపలి పెళ్లిని నిలబెట్టాలంటే గుంపులో ఆడ, మగ సంఖ్య సరితూగాలి. భర్త పోయిన స్త్రీ, భార్య పోయిన పురుషుడు ఆ తూకాన్ని చెడగొడతారు. సతి, బలవంతపు వైధవ్యం, పసిపిల్లల పెళ్లిళ్లు ఆ తూకాన్ని కాపాడటానికి పుట్టిన పద్ధతులని చూపిస్తారు. తర్వాత ఒక కులం నుంచి ఇంకొక కులానికి ఈ జబ్బు ఎలా పాకిందో చెప్పడానికి అనుకరణ సిద్ధాంతాన్ని వాడతారు. అది తన సిద్ధాంతం కాదని, ఫ్రెంచ్ పండితుడు గేబ్రియెల్ టార్డ్‌దని అక్కడే చెబుతారు.

ఇప్పుడు ఆ పత్రంలోంచి పేర్లన్నీ తీసేశామనుకోండి. చదివేవారికి ఏది అందరికీ తెలిసిన సంగతి, ఏది కేత్కర్ మాట, ఏది టార్డ్ మాట, ఏది ఆ 25 ఏళ్ల విద్యార్థి కొత్తగా కనుక్కున్నది అని తెలియదు. పేర్లు ఉండబట్టే ఆయన వేసిన కొత్త అడుగు కనిపిస్తోంది. కేత్కర్‌కు ఇవ్వాల్సింది కేత్కర్‌కు ఇచ్చేశారు కాబట్టి, మిగిలింది తనదేనని ధైర్యంగా నిలబడగలిగారు. పేరు చెప్పడం వల్ల ఆయన చిన్నబోలేదు, ఆయన పని ఎంతో కచ్చితంగా తేలింది.

అన్న వ్యాసంలో ఇది తలకిందులైంది. అన్నకు సొంతంగా చెప్పాల్సింది ఉంది. చివరి రెండు పేజీల్లో మన జిల్లాల్లో కులాంతర పెళ్లిళ్ల మీద జరుగుతున్న దాడుల గురించి ఆయన తన కళ్లతో చూసినవి రాశారు. అది ఎక్కడా దొరకని సమాచారం. కానీ ముందు నాలుగు పేరాలు ఎవరివో గుర్తుపట్టిన పాఠకుడు, ఈ రెండు పేజీలు కూడా ఇంకెక్కడివో అనుకుంటాడు. దొంగిలించిన నాలుగు పేరాలు ఆయన సొంత కష్టం మీద కూడా అనుమానం పెట్టాయి.

నాలుగు మెట్లు

ఆ నాలుగు పేరాలను ఎలా రాసి ఉంటే సరిపోయేది? ఇక్కడ జరిగే పొరపాట్లు ఒక వరసలో ఉంటాయి. వాటిలో కొన్ని మేమూ చేశాం.

మొదటి మెట్టు, వాక్యాలను ఉన్నదున్నట్టు తెలుగు చేసి తన పేరు మీద వేయడం. ఇందులో సందేహం లేదు.

రెండో మెట్టు, మాటలు మార్చడం. ‘నిషేధం’ బదులు ‘అడ్డుకట్ట’, రెండు వాక్యాలను ఒకటిగా కలపడం, ఉదాహరణలను ముందు వెనక చేయడం. సొంత మాటల్లో రాశాం కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఎత్తుకున్నది మాటలనే కాదు, వాదన మెట్లనూ. పెళ్లి నిషేధం నుంచి సంఖ్యల తూకానికి, అక్కడి నుంచి సతికి, వైధవ్యానికి, బాల్యవివాహానికి నడిచిన ఆ వరస బాబాసాహెబ్ కట్టింది. మాటలన్నీ మార్చినా ఆ వరస ఆయనదే.

మూడో మెట్టు, చివర పుస్తకాల జాబితాలో పేరు పెట్టడం. వ్యాసం కింద ఎనిమిది పుస్తకాల పేర్లు రాసి, అందులో ఆరోదిగా బాబాసాహెబ్ సంపుటం. ఇది దాదాపు నిజాయితీలా కనిపిస్తుంది. కానీ మూడో పేజీ చదువుతున్న పాఠకుడికి ఆ నాలుగు పేరాలు ఆ ఆరో పుస్తకంలోంచి వచ్చాయని ఎలా తెలుస్తుంది? జాబితా చెప్పేది ‘ఇవి చదివాను’ అని. ‘ఇది ఆయనది’ అని చెప్పదు.

నాలుగో మెట్టు మీదే కాలు నిలుస్తుంది. పేరా మొదట్లోనే ‘బాబాసాహెబ్ 1916లో చదివిన ‘భారతదేశంలో కులాలు’ పత్రంలో ఇలా వాదించారు’ అని రాయాలి. యథాతథంగా తీసుకున్న వాక్యాలను కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఆయన మాట ఎక్కడ ముగిసి తన మాట ఎక్కడ మొదలవుతుందో ‘దీన్ని మన జిల్లాకు వర్తింపజేస్తే’ అన్నట్టు ఒక ముక్కతో చెప్పాలి. తెలుగు అనువాదం ఇంకొకరిదైతే ఆ అనువాదకుడి పేరు, పుస్తకం, పేజీ. మహా అయితే మూడు లైన్లు ఎక్కువవుతాయి.

విశ్వవిద్యాలయంలో ఉన్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దీంతో మా తోటివారిలో ఒక అలవాటు మొదలైంది. సాఫ్ట్‌వేర్ శాతం ఎంత చూపిస్తోంది అన్నదే ప్రశ్న అయిపోయింది, ఎవరిది అన్నది కాదు. సాఫ్ట్‌వేర్ పోల్చేది అక్షరాలను. ఇంగ్లీషు పత్రాన్ని తెలుగు చేసి వేసుకుంటే అది పట్టకపోవచ్చు. మాటలు మార్చి వాదన ఎత్తేస్తే పట్టకపోవచ్చు. అదే నిబంధనలు సరిగ్గా పేరు చెప్పి ఉటంకించిన భాగాన్ని పోలిక లెక్కలోంచి తీసేయమంటాయి. అంటే ఆ శాతం తక్కువగా ఉన్నా చౌర్యం ఉండవచ్చు, పైకి ఎక్కువగా కనిపించినా లేకపోవచ్చు. గుర్తుపట్టాల్సింది మనిషే. ఒక వ్యాసంలో శైలి ఉన్నట్టుండి మారడం, మన ఊరి సంగతుల మధ్య వందేళ్ల కిందటి యూరప్ పండితుడి ప్రస్తావన ఏ ముందుమాటా లేకుండా రావడం, మొదట వాడిన పదం ఒకటై తర్వాత అదే అర్థానికి ఇంకో పదం రావడం. మేం అన్న వ్యాసంలో పట్టుకున్నది ఇలాగే.

సంతకం చేసిన అనుమతి

ఇప్పటిదాకా చెప్పింది అనుమతి అక్కర్లేని రచన సంగతి. అనుమతి అడిగి, తీసుకుని, కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాక? ఇక్కడ వేలు చూపాల్సింది మా వైపే.

పరిశోధన మొదటి ఏడాదిలో ఒక ఊళ్లో మాదిగవాడ అవ్వ ఒకామె పాడిన నాట్ల పాట రికార్డు చేసుకున్నాం. ఆ పాటలో సగం ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నది, మిగతా సగం ఆమె తానే కట్టింది. ఆ సంగతి ఆమే చెప్పింది. అనుమతి పత్రం చదివి వినిపించాం. “రాసుకో బిడ్డా” అని సంతకం పెట్టింది. ఆ పాట మా పత్రంలో అచ్చయింది. కింద ‘క్షేత్ర పర్యటనలో సేకరించిన జానపద గేయం’ అని రాశాం, పైన మా పేరు. ఎంతో సంబరంగా ప్రతి తీసుకెళ్లి చూపించాం. అవ్వ మనవరాలు చదివి వినిపించింది. అంతా విని అవ్వ ఒకటే అడిగింది. “మంచిగ అచ్చేసినవ్ బిడ్డా. మరి ఈ పాట ఎవలు కట్టిండ్రని రాసినవ్?”

మా దగ్గర జవాబు లేదు. అనుమతి ఉంది. సంతకం ఉంది. విశ్వవిద్యాలయం అడిగిన ప్రతి గడీ నింపాం. ఆ పత్రంలో ‘వాడుకోవచ్చా’ అన్న ప్రశ్న ఉంది. ‘ఎవరి పేరుతో’ అన్న ప్రశ్న లేదు. పరిశోధనలో సమాచారం ఇచ్చినవారి పేరు దాచడం వాళ్ల రక్షణ కోసం పెట్టిన నియమం. దాడి గురించో, కూలి గురించో సాక్ష్యం చెప్పిన మనిషికి అది అవసరం. మేం ఆ నియమాన్ని ఆలోచించకుండా ఒక కవయిత్రికి వర్తింపజేశాం. ఆమె మాకు సమాచారం ఇచ్చిన మనిషి కాదు, పాట కట్టిన మనిషి. ‘జానపదం’ అన్న ఒక్క మాటతో ఆమె తల్లినీ, ఆమెనూ కలిపి ఎవరూ కానివాళ్లను చేశాం. అదే పాట ఏ పట్టణ కవో రాసి ఉంటే ‘సేకరించిన గేయం’ అని రాసేవాళ్లమా?

చట్టం కూడా ఈ విషయంలో మేం అనుకున్నంత మౌనంగా లేదు. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులు అంటే గాయకులు, నటులు, వాద్యకారులు, నర్తకులే కాదు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. 2012 సవరణతో చేర్చిన 38బి సెక్షన్ వాళ్లకు ఒక హక్కు ఇచ్చింది. తన ప్రదర్శన మీద హక్కులు ఇంకొకరికి రాసిచ్చేసిన తర్వాత కూడా, ఆ ప్రదర్శన చేసింది తానేనని గుర్తింపు కోరవచ్చు. పేరు చెప్పడం కుదరని తీరులో వాడుక ఉన్నప్పుడే దానికి మినహాయింపు. రచయితలకు ఇలాంటిదే 57వ సెక్షన్. కాపీరైట్ పూర్తిగా అమ్మేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. తన పేరుకు మచ్చ తెచ్చేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. 2012 నుంచి రచయిత వారసులు కూడా ఈ రెండు హక్కుల కోసం నిలబడవచ్చు.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఊడదీసి గోదాములో పడేసింది. ప్రభుత్వం సొమ్ము పెట్టి కొన్నదే, ప్రభుత్వానిదే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు 57వ సెక్షన్ కింద శిల్పి పక్షాన తీర్పు ఇచ్చి, శిల్పం మిగులును ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని చెప్పింది. సొంతదారు మారినా, చేసిన మనిషికీ చేసిన పనికీ ఉన్న బంధం తెగదన్నమాట.

అయితే ఈ సెక్షన్లకు హద్దులున్నాయి. కోర్టుకు వెళ్లాల్సింది ఆ రచయితో, ఆ గాయనో, వారసులో. పాఠకుడు వెళ్లలేడు. భావాన్ని ఎత్తుకుంటే ఇవి పనిచేయవు. నాట్లకు వెళ్లే అవ్వ మా మీద హైకోర్టుకు వెళుతుందా? వెళ్లదు. అందుకే పేరు చెప్పడం అన్నది చట్టం చేత చేయించుకునే పనిగా మిగిలితే, అది బలవంతులకే దక్కుతుంది.

ఎక్కడా కాపీరైట్ గొడవే లేకుండా పేరు మాత్రం పోవడం ఎలా ఉంటుందో 2021లో తమిళనాడులో చూశాం. ‘ఎంజాయ్ ఎంజామి’ పాట రాసింది, ధీతో కలిసి పాడింది దళిత ర్యాపర్ అరివు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలికి పోయి తిరిగొచ్చిన తన అమ్మమ్మ వల్లియమ్మాళ్ జీవితం ఆ పాట వెనక ఉంది. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు, అరివు కనిపించలేదు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించారు. తర్వాత ఆ పత్రిక అరివుతో ముఖచిత్రం తెచ్చింది. ఆ మొదటి ముఖచిత్రం ఎవరి కాపీరైట్‌నూ ఉల్లంఘించలేదు. లెక్కకు అంతా సవ్యమే. అయినా పాట రాసిన మనిషి పక్కకు పోయాడు. అడిగిన మనిషి ఉన్నాడు కాబట్టి దిద్దుబాటు జరిగింది.

దిద్దుబాటు

అన్నతో మా మాట ఆ ఒక్క ఫోన్‌తో అయిపోలేదు. రెండోసారి మాట్లాడినప్పుడు ఆయన ఒక మాట అన్నారు. “బాబాసాహెబ్ మనవాడే కదా, మన ఇంట్లో సొమ్ము తీసుకుంటే దొంగతనం ఎట్లయితది?” అందులో ప్రేమ ఉంది, కాదనం. కానీ ఆ సంచిక చదివే పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ వాదన అన్నదే అనుకుంటుంది. మూలం వెతుక్కుని చదివే దారి ఆమెకు మూసుకుపోతుంది. 1916లోనే, 25 ఏళ్ల వయసులో, కులానికీ స్త్రీ మీద అదుపుకీ ఉన్న ముడిని మన మనిషి ఒకరు విప్పి చూపారన్న సంగతి ఆమెకు తెలియదు. రేపు ఎవరైనా అదే మాటను ఏ పేరూ లేకుండా చెబితే, అది ఎవరిదో ఆమె అడగలేదు కూడా. ఇంట్లోవాళ్ల పేరు ఇంట్లోనే చెప్పకపోతే బయట ఎవరు చెబుతారు?

తర్వాతి సంచికలో రెండో పేజీలో ఒక చిన్న సవరణ వచ్చింది. ఫలానా వ్యాసంలో మూడో పేజీలోని నాలుగు పేరాలు బాబాసాహెబ్ అంబేద్కర్ ‘భారతదేశంలో కులాలు’ పత్రం నుంచి తీసుకున్నవి, అనువాదం వ్యాసకర్తది, పేరు చెప్పకపోవడం పొరపాటు అని. అందులో కాపీరైట్ ప్రస్తావన లేదు. అక్కర్లేదు కూడా.

మా వైపు దిద్దుబాటుకు ఇంకొంచెం ఎక్కువ పట్టింది. అనుమతి పత్రంలో ఒక కొత్త ప్రశ్న చేర్చాం. ‘మీ పేరు వేయమంటారా, వద్దంటారా? వేస్తే ఎలా వేయాలి?’ అని. అవ్వను మళ్లీ కలిసి అడిగాం. పాట ఎక్కడ అచ్చయినా తన పేరూ, తన తల్లి పేరూ రెండూ ఉండాలంది. మొదటి సగం తల్లిదని, రెండో సగం తనదని విడిగా రాయమంది. ఇప్పుడు మా థీసిస్‌లో అలాగే ఉంది. ఈ వ్యాసంలో మాత్రం తన పేరు వద్దంది. ఇక్కడ ఉన్నది తన పాట కాదు, మా తప్పు కదా అంది.